పద్నాలుగో ప్రశ్న

నాకు కోపం జాస్తి. కర్నూల్లో నేను పనిచేసిన హైస్కూల్లో ఏ పిల్లోన్నడిగినా ఈ మాట చెప్తాడు. తెలుగు తప్పు రాస్తే నా చేతిలో సుద్దముక్క నిలవదు. విద్వాన్ ప్యాసైనవాన్ని. ఎమ్మిగనూరులో మగ్గాల ఇంట్లో పుట్టి, మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకొని నేస్తా నేస్తానే పద్యాలు వల్లించినవాన్ని. ఉరుకుందప్ప అయ్యవారంటే ఆ మాత్రం పొగరు ఉండాల్సిందేనని నా ఉద్దేశం.

ఇది యాభయ్యారో సంవత్సరం ఎండాకాలం సంగతి. కర్నూలు అప్పుడు రాజధాని. ఇండ్లు చాలక ఆఫీసులు గుడారాల్లో నడుస్తాండె. అట్లాంటి రోజుల్లో యూనివర్సిటీవాళ్ళు మా వీధిలోనే ఒక మిద్దె అద్దెకు తీసుకొని సర్వే ఆఫీసు పెట్టినారు. పల్లెల్లో జనం దేవుని గురించి ఏమనుకుంటారు, తాము ఏ మతమోళ్ళమని చెప్పుకుంటారు, పూజలూ మొక్కులూ పండగలూ ఏం చేస్తారు, ఈ మూడూ ఇల్లిల్లూ తిరిగి అడిగి లెక్కగట్టాలంట. నలభై ప్రశ్నలు ఇంగ్లీషులో అచ్చయి వచ్చినాయి. వాటిని తెలుగు చేసే పని నాకిచ్చినారు. రిపోర్టు అట్ట మీద ‘తెలుగు: విద్వాన్ ఉరుకుందప్ప’ అని వేస్తామన్నారు. ఆ మాట విన్నరోజు అన్నం సయించలేదు నాకు, సంతోషంతో.

సూపర్వైజరు ఆంజనేయులుగారు గుంటూరు వైపు మనిషి. సన్నగా, చల్లగా మాట్లాడతాడు. నేను మొదట రాసిచ్చిన కాగితం చూసి కండ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

“ఏవండీ పంతులుగారూ, ‘భగవంతునియందు విశ్వాసము కలిగియున్నారా?’ అంటే పల్లెటూరి ముసలమ్మ మనకేదో జబ్బనుకుని మజ్జిగిచ్చి పంపిస్తుందండీ.”

నాకు ఒళ్ళు మండింది. కాగితం లాక్కొని ఇంటికొస్తి. మాయమ్మ సిద్దమ్మ పడసాలలో కూర్చొని నూలు కండెలు చుడతాండె. ఒక్క అక్షరం చదువుకోని మనిషి. సరే, ఈమెకే అర్థమయ్యేట్టు రాస్తా, చూద్దాం ఎంత కిందికి దిగాల్నో అని, ఎదురుగా కూలబడితి.

“అమ్మా, మీరు ఏ మతానికి చెందినవారు?”

“ఎవురికీ చెందల్యా నాయనా,” అనె మాయమ్మ, కండె ఆపకుండానే. “మగ్గం మనదే, నూలు మనదే. ఒకరి కింద పడి ఉండే గాచారం మనకేమి?”

‘చెందినవారు’ కొట్టేస్తి.

“వారానికి ఎన్నిసార్లు గుడికి పోతావు?”

“నా వారం సోమారం గదా. ఆ పొద్దు ఒంటిపొద్దు. నీకు తెలీదా?”

వారమంటే ఏడు దినాలని నేననుకుంటే, వారమంటే దేవునికి ఇచ్చిన దినమని ఆమె అనుకున్నది. అదీ కొట్టేస్తి.

“వేరే మతాల పండగలకు పోతావా?”

“ఛీ, మనమెందుకు పోతాం!”

“అబద్ధం చెప్పొద్దు. పీర్ల పండగకు ఏటేటా బిందెడు నీళ్ళు ఎత్తుకొని పోయి పోసొచ్చేది ఎవరు?”

“అది వేరేవాళ్ళది ఎట్టయితాది? పీర్లు మన వీధివి గదప్పా!” అని నామీద కేకలేసె.

అప్పుడు తెలిసొచ్చె నాకు. ‘వేరే’ అనే మాట మనం అంటగట్టి అడిగితే వాళ్ళు కాదంటారు. పండగ పేరు పెట్టి అడగాల. పీర్ల పండగకు పోతారా, ఉరుసుకు పోతారా, క్రిస్మసుకు పోతారా అని విడివిడిగా రాసుకొంటి.

పద్నాలుగో ప్రశ్న దగ్గర మాయమ్మ కండె కింద పెట్టేసింది. “దేవుణ్ణి నమ్ముతావా?” అంటే ఎవరికైనా కోపం వస్తాదంట. “పాలుపోసే దాన్ని నమ్ముతావా అని అడిగినట్టు ఉండాది. నమ్మేదేంది, నమ్మకపోయేదేంది? మీ నాయన పోయినాక నిన్ను చంకనేసుకొని మగ్గంలోకి దిగినప్పుడు ఈరన్నస్వామిని నమ్ముకోనే గదరా బతికింది!”

నమ్ముకోవడం. ఆ మాట వింటూనే పెన్సిలు అందుకొంటి. నమ్మడం తలకాయతో చేసే పని. నమ్ముకోవడమంటే మనిషి మనిషంతా పోయి ఒకరి మీద ఆనుకోవడం. ఇంగ్లీషులో వాళ్ళు అడగబోయింది అదే అనిపించింది. ‘మీరు దేవుణ్ణి నమ్ముకున్నారా?’ అని రాస్తి. నలభై ప్రశ్నల్లో అంత ముద్దుగా వచ్చింది ఇంకొకటి లేదు. అది మాయమ్మ మాట మరి.

కర్నూలు పాతబస్తీలో ముప్పై ఇండ్లకు నేనే పోయి అడిగి చూసినా. అందరూ చక్కగా జవాబు చెప్పినారు. కాగితాలు ప్రెస్సుకు పోయినాయి.

ఇండ్లు తిరిగి అడగడానికి ఆరుమంది పిల్లోల్ని పెట్టుకొన్నారు. వాళ్ళకు మూడు దినాలు పాఠం చెప్పింది నేనే. “అచ్చులో ఉన్నది ఉన్నట్టు చదవాల. ఒక్క అక్షరం మార్చొద్దు, అర్థం విడమర్చొద్దు. వాళ్ళు చెప్పింది చెప్పినట్టు రాయాల. ఒకడు ఒక తీరుగా, ఇంకొకడు ఇంకో తీరుగా అడిగితే ఆ లెక్కలన్నీ కలిపి ఏం లాభం?” అని బెత్తం బల్ల మీద కొట్టి చెప్పినా.

ఆ ఆరుమందిలో ఏసన్న ఒకడు. పత్తికొండ దిక్కు పిల్లోడు. వాళ్ళ నాయన ప్రేమయ్య మిషన్‌లో ఉపదేశి, అంటే పల్లెలు తిరిగి వాక్యం చెప్పేవాడు. ఆయన పోయి మూడేండ్లయింది. వాళ్ళమ్మ జొన్నకోతలకు పోయి వీన్ని బి.ఏ. దాకా తెచ్చింది. వాళ్ళ పాలెంలో, అంటే ఊరికి ఎడంగా ఉండే హరిజనుల వాడలో, అంత చదువు చదివినోడు వీడే మొదలు. ఈ సర్వే పని మూడునెలలదే, కానీ ఆంజనేయులుగారు మంచివాడని రాసిస్తే యూనివర్సిటీలో ఖాయం ఉద్యోగం వస్తాది. చెడ్డవాడని రాస్తే ఇంకెక్కడా గడప తొక్కనియ్యరు. ఇది వానికీ తెలుసు, మాకందరికీ తెలుసు.

మూడోదినం వాడు లేచి నిలబడినాడు. “అయ్యవారూ, పద్నాలుగో ప్రశ్నలో ఆ మాట మా దిక్కు...”

“ఏమి మీ దిక్కు?”

“మా చర్చిలో ఆ మాటకు...”

“చర్చి తెలుగు నాకు నేర్పొద్దు. కూర్చో!”

తక్కినోళ్ళు కిసుక్కున నవ్విరి. వాడు కూర్చున్నాడు. నేను పదైదో ప్రశ్నకు పోతి.

నెల తిరిగినాక ఒక పొద్దు ఆంజనేయులుగారు కబురు పెట్టినాడు. పోతే, బల్ల మీద ఒక ఊరి కాగితాల కట్ట విప్పి ఉండాది. గోడ దగ్గర ఏసన్న చేతులు కట్టుకొని నిలబడి ఉండాడు.

“చూడండి పంతులుగారూ. గుట్టలపల్లె. నలభై ఇళ్ళు. దేవుణ్ణి నమ్ముకున్నారా అంటే ముప్పై ఎనిమిది ఇళ్ళు ‘లేదు’. అదే ఇళ్ళు పంతొమ్మిదో ప్రశ్నలో రోజూ దీపం పెడతామంటాయి, ఇరవైరెండులో జాతరకి కోడిని కోస్తామంటాయి. తక్కిన ఊళ్ళన్నిట్లో నూటికి తొంభై ఐదు మంది ‘నమ్ముకున్నాం’ అన్నారు. ఈ ఒక్క ఊళ్ళో నాస్తికులు పుట్టుకొచ్చారా? ఊరికి వెళ్ళకుండా ఎక్కడో కూర్చుని నింపేశాడండీ.”

“పోయినాను సార్,” అనె ఏసన్న.

ఆంజనేయులుగారు సొరుగులోంచి ఒక కాగితం తీసి చూపించె. టైపు చేసి సంతకానికి పెట్టుకొన్నాడు. ‘ఇతడు నమ్మదగినవాడు కాడు’ అని ఉండాది అందులో. పిల్లోడు మంచోడు. నేను చెప్పిన మూడుదినాల పాఠాన్ని సాఫుగా రాసిచ్చింది వీడే. అంత గుండ్రటి దస్తూరి నా చేతికే రాదు.

“ఒకసారి ఊరికి పోయి సరిచూద్దాం,” అంటి నేను.

“మీరే వెళ్ళి రండి. తెలుగు మీదే కదా. శనివారందాకా ఆగుతాను.”

మరుదినం ఏసన్నను వెంటబెట్టుకొని పత్తికొండ బస్సెక్కితి. దిగి రెండుమైళ్ళు నడవాల. నల్లరేగడి నెర్రెలు విచ్చి ఉండాది. ఊరిబయట బావిగట్టు దగ్గర వాన్ని కూర్చోబెట్టి, నేనొక్కన్నే కాగితాలు పట్టుకొని ఊళ్ళోకి పోతి. వాడు రాసిన ఇండ్లలోనే పన్నెండిండ్లకు పోయినా. అవే ప్రశ్నలు, అదే వరస.

“దేవుణ్ణి నమ్ముకున్నారా?”

“నమ్ముకోకుంటే ఎట్టప్పా అయ్యవారూ!” “ఆయన్ని నమ్ముకోనే గదా ఉండాం!” “ఇదేం ప్రశ్న, నమ్ముకున్న్యాం!”

పన్నెండుకు పన్నెండు. ఒక్క ‘లేదు’ లేదు.

ఒక్కొక్క ఇల్లు దాటేకొద్దీ నా కాళ్ళు బరువెక్కినాయి. వాన్ని కాపాడదామని వచ్చి, వాని మీద పన్నెండు సాక్ష్యాలు మూటగట్టుకొంటి గదా అని. ఆ బరువంతా దారిలో కోపమై పాయె. బావిగట్టు చేరేసరికి నేను మనిషిని కాదు.

“ద్రోహం చేస్తివి గదరా! పన్నెండిండ్లూ నమ్ముకున్న్యామని చెప్పె. వాళ్ళ నోట్లో నువ్వు ‘లేదు’ పెడతావా? నిన్ను కన్నతల్లి కోతలకు పోయి చదివించింది ఇందుకా?”

ఏసన్న లేచి నిలబడె. “నన్ను లేదన్నారయ్యవారూ. లేదన్నారనే రాసినాను.”

“ఇంకా అబద్ధమే!” అని నేను చెయ్యెత్తితి. నిజంగా ఎత్తితి. ఇప్పుడు తల్చుకుంటే నా చెయ్యి నాకే చేదు.

“ఏమప్పా అయ్యవారూ, ఎండకు పిచ్చి పట్టెనా ఏంది? ఆ పిల్లోన్నెందుకు కొడతాండావు?”

తిరిగి చూస్తే కడవ చంకన పెట్టుకొని ఒక ముసలామె. మల్లక్క. బోయోళ్ళ మల్లక్క. గంటకిందట ఆమె ఇంటికి కూడా పోయి అడిగొచ్చినా. ఈరన్నస్వామినీ ఊరి అమ్మవారు సుంకులమ్మనూ వరసబెట్టి చెప్పిన మనిషి.

“నువ్వే చెప్పు మల్లక్కా. దేవుణ్ణి నమ్ముకున్నారా అంటే నాకేమంటివి?”

“నమ్ముకున్న్యాం అంటి.”

“నెలకిందట వీడు అడిగినప్పుడు?”

“లేదంటి.”

“ఎందుకంటివి?”

“నువ్వడిగింది వేరే. ఆ పిల్లోడు అడిగింది వేరే.”

“ఎట్ల వేరే? ఇద్దరిదీ ఒకే కాగితం! ఒకే అచ్చు! అక్షరం తేడా లేదు!”

మల్లక్క కడవ గట్టు మీద పెట్టి, కొంగుతో మొగం తుడుచుకొని, బడిపిల్లోనికి చెప్పినట్టు చెప్పె నాకు. “మాట ఒకటే అయితే ఏమప్పా? ఈడ నమ్ముకున్నోళ్ళంటే కిరస్తానంలో కలిసినోళ్ళు. ఈ పిల్లోని పాలెంలో నమ్ముకున్నిండ్లు పదైదు ఉండాయి. ఊళ్ళో యాడుండాయి? ఉపదేశి కొడుకు చేతిలో కాయితం పట్టుకొని వచ్చి, దేవుణ్ణి నమ్ముకున్న్యావా అవ్వా అంటే, మాలో కలిసినావా అనే గదా? కలవల్యా. లేదు నాయనా అంటి. పాపం, చిన్నబుచ్చుకుంటాడేమోనని బాధ గూడా పడితి. అందరూ అట్లే అనిరి. నువ్వడిగితివి. నువ్వు బొట్టు పెట్టుకున్న అయ్యవారివి. నీకెందుకు లేదంటా?”

నేను గట్టు మీద కూలబడితి. రాయి కాలుతాండాది, అయినా లేవలేదు.

మాయమ్మ మాటే. ఎమ్మిగనూరులో అది ఈరన్నస్వామిది. ఇరవైముప్పై ఏండ్లుగా ఈ పాలేల్లో ఉపదేశులు తిరిగి తిరిగి అదే మాటను ఇంకో దేవునికి ఇచ్చినారు. మాట మంచిది గనకే వాళ్ళూ దాన్నే ఏరుకొన్నారు. నేను కర్నూల్లో ముప్పై ఇండ్లు తిరిగి మాటను పరీక్ష చేసినా గానీ, అడిగేవాన్ని మార్చి చూడలేదు. బొట్టు పెట్టుకున్న నోరొక్కటే అడిగె, ఒక్క తీరు జవాబే వచ్చె.

“ఆ దినం నువ్వు చెప్పబోయింది ఇదేనా?” అంటి తల ఎత్తకుండానే.

“అవునయ్యవారూ.”

“మళ్ళీ ఎందుకు చెప్పలేదు? ఆంజనేయులుగారి ముందరైనా ఎందుకు చెప్పలేదు?”

“మీరు రాసిన మాట తప్పని నేను చెప్తే మీరు ఊరుకుంటారా? ఊళ్ళో విడమర్చి చెప్పొద్దని మీరే అన్నారు గదా. వాళ్ళు లేదు లేదంటాంటే, ఇది కాదవ్వా నేనడిగేది అని నోటిదాకా వచ్చేది. మింగుకొని రాసినాను.”

నా కోపం పాడుగాను. నేను చెప్పింది చెప్పినట్టు చేసినందుకు కదా ఈ పిల్లోని నెత్తిన ఆ కాగితం పడింది! క్షమించు నాయనా అని నోరు తెరిచి అనాలంటే నాకు ఆ వయసులో చేతకాలేదు. మల్లక్క పోసిన నీళ్ళు తాగి, “పద పోదాం” అని మాత్రం అంటి. కానీ తిరిగొచ్చేటప్పుడు వాని పక్కన నడిచినా, ముందర నడవలేదు.

కర్నూలు ఆఫీసులో ఆంజనేయులుగారు అంతా విని పెన్సిలు బల్ల మీద పెట్టె.

“మీరు చెప్పేది నిజమైతే పద్నాలుగో ప్రశ్న మొత్తం తీసెయ్యాలండీ. పన్నెండొందల కాగితాల్లోనూ. ఎక్కడ ఏ అర్థంతో జవాబిచ్చారో ఎవరికి తెలుసు? ప్రొఫెసరుగారు ఎందుకని అడుగుతారు. అనువాదంలో తప్పని రాయాలి. అప్పుడు మీ పేరు...”

“రాయండి.”

“రెండో విడత పని కూడా మీకు రాదు.”

“రాకపోతే పాయె. తప్పు నాది. ఆ పిల్లోడు ముందే చెప్పబోతే నేను నోరు మూయించినా. అది కూడా రాయండి.”

చెప్పేటప్పుడు మీసం మెలేసినట్టు చెప్పినా గానీ, అట్ట మీద నా పేరు ఉండదనేసరికి మనసు చివుక్కుమన్నది. దాచుకొనేదేముంది, బాధపడినా. మాయమ్మకు చూపిద్దామని ఎంతో అనుకొని ఉంటి.

ఆయన టైపు కాగితాన్ని మాత్రం సొరుగులోనే పెట్టుకొన్నాడు. “ముసలమ్మ మాట మీరు నాకు చెబుతున్నారు. మీకు ఆ కుర్రాడి మీద జాలి ఉంది. నా కళ్ళతో నేను చూడాలి. కొత్త ప్రశ్న రాయండి. అదే ఊళ్ళో అతనే అడగాలి. నేను పక్కన కూర్చుంటాను. జవాబులు తక్కిన వాటితో అతికితే ఈ కాగితం వెళ్ళదు. అతకకపోతే సోమవారం టపాలో వెళ్తుంది.”

శుక్రవారమంతా మా బడి వరండాలో కూర్చొంటిమి, నేనూ ఏసన్నా. సెలవులు కదా, బడి ఖాళీ. వాడు నేల మీద కూర్చోబోతే బెంచీ చూపించినా.

“ఈసారి నువ్వు చెప్పు, నేను రాస్తా,” అంటి.

వాడు “నమ్మకం అనే మాటే వదిలేద్దాం అయ్యవారూ,” అనె. “ఇంకోటి. దేవుడనే మాట గూడా.”

“దేవుడు లేకుండా దేవుని గురించి ఎట్ల అడుగుతావప్పా?”

“దేవుడంటే ఊళ్ళో ఎంకటరమణసామి, ఈరన్నసామి, ఇట్లా మగదేవుళ్ళనే చెప్తారు. సుంకులమ్మ దేవుడు కాదు గదా, అమ్మ. మా అమ్మను అడిగితే దేవుడంటే ఏసు. మీ వీధిలో ఉండే మస్తాన్‌సాబు ఇంట్లో అల్లా. మనం పేరు పెట్టకుండా, వాళ్ళనే చెప్పనిద్దాం. కష్టమొచ్చినప్పుడు మీరు ఎవర్ని తల్చుకుంటారు? అంతే.”

నేను ఆ వాక్యాన్ని రెండుమార్లు నోట్లో తిప్పుకొని చూసినా. దిద్దాలని చెయ్యి దురదపెట్టింది, దిద్దడానికి ఏమీ దొరకలేదు. దాని కింద ఇంకో ప్రశ్న వాడే చేర్చినాడు. ఏం చేస్తారని గాల్లో అడిగే బదులు, చేసిందొకటి చెప్పమని. ‘మీరు మొక్కిన మొక్కుల్లో పెద్దది ఏది? ఎవరి కోసం?’ జవాబుకు నాలుగు గడులు గీసినాం. నా కోసం, బిడ్డ కోసం, మొగుడు లేక పెండ్లాం కోసం, పైరు పశువుల కోసం.

ఈసారి అడిగే నోరును కూడా మార్చి చూసినాం. మాయమ్మను ఏసన్న అడిగె. మా వీధిలో మస్తాన్‌సాబు ఇంట్లో నేను అడిగితి, వాళ్ళ పక్కింట్లో వాడు అడిగె. ఒక జ్ఞానరాజు అని మిషన్ ఆస్పత్రి కాంపౌండరు ఉంటే ఆయన దగ్గరికి ఇద్దరం పోయినాం. ఎవరు అడిగినా ఎవరి దేవుడు వాళ్ళకే ఉండాడు. మాయమ్మ ఏసన్నకు ఈరన్నస్వామిని గురించి అరగంట చెప్పి, పిల్లోడు మర్యాదస్తుడు, నీ మాదిరి అరవడని నాకే తగిలించె.

శనివారం ముగ్గురం గుట్టలపల్లెకు పోతిమి. మొదటి ఇల్లు ఆంజనేయులుగారే ఏరుకొన్నాడు. మల్లక్క ఇల్లే. నా మాటలోని ముసలమ్మ నిజంగా ఉండాదో లేదో చూడాలని ఆయన ఉద్దేశం. మా ఇద్దరికీ మల్లక్క వేపచెట్టు నీడలో నులకమంచం వాల్చె. ఏసన్న పాలెం పిల్లోడు గదా, అరుగు కింద రాయి మీద కూర్చొని కాగితం మోకాళ్ళ మీద పెట్టుకొన్నాడు. ఆంజనేయులుగారి జేబులో ఆ టైపు కాగితం మడత కనపడతానే ఉండాది.

“కష్టమొచ్చినప్పుడు ఎవర్ని తల్చుకుంటావవ్వా?” అనె ఏసన్న.

మల్లక్క వెంటనే చెప్పె. “ఇంకెవర్ని నాయనా, సుంకులమ్మను.”

ఆంజనేయులుగారు నావైపు చూసి చిన్నగా తల ఊపె.

“నువ్వు మొక్కిన మొక్కుల్లో పెద్దది ఏదవ్వా? ఎవరి కోసం?”

దానికి మాత్రం మల్లక్క మా ఇద్దర్నీ ఒకసారి చూసె, ఏసన్నను శానాసేపు చూసె.

“చెప్పాల్నా?”

“నీ ఇష్టమవ్వా. చెప్పకున్నా తప్పులేదు.”

“నీ కోసమే రా,” అనె మల్లక్క.

ఏసన్న పెన్సిలు కాగితం మీద ఆగిపాయె.

“నీకు ఆరేండ్లప్పుడు ఒళ్ళంతా అమ్మవారు పోసె. అరిటాకు మీద పండబెట్టి ఉండ్రి నిన్ను. మీ నాయన గుడిసె బయట మోకాళ్ళేసుకొని ప్రార్థన చేస్తాండె. మీ యమ్మ కొంగు నోట్లో కుక్కొని ఏడుస్తాండె. మీ యమ్మ నాతోపాటు కలుపులకొచ్చేది, పసిబిడ్డప్పుడు నిన్ను నా కాళ్ళ మీదేసుకొని నీళ్ళు పోసింది నేనే. మీరు నమ్ముకున్నోళ్ళు, అమ్మకు మొక్కగూడదంట. మొక్కకుంటే ఎట్ల? ఎవురో ఒకరు మొక్కాల గదా. నేను మొక్కితి. ప్రాణమూ కండ్లూ ఉంచు తల్లీ, కోడిని కోస్తా, వేపమండలు కట్టుకొని నీ గుడి చుట్టూ తిరుగుతా అంటి. నువ్వు లేస్తివి. మొక్కు తీరిస్తి. మీ నాయన బాధపడతాడని చెప్పల్యా. మీ యమ్మకూ చెప్పల్యా. ఇన్నేండ్లకు నువ్వడిగితివని చెప్తాండా.”

నాకు కండ్లు మసకలు కమ్మె. ఆంజనేయులుగారు కండ్లజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టి తుడుస్తానే ఉండె. ఏసన్న చెంపల మీద చిన్న చిన్న మచ్చలుండాయి. ఇన్నాళ్ళూ వాని దస్తూరి చూసినా గానీ వాని మొగం సరిగ్గా చూసిందే లేదు నేను. ఇప్పుడు ఆ మచ్చల మీదుగా నీళ్ళు కారతాండాయి, వాడు తుడుచుకోవడం లేదు.

కాసేపటికి ఆంజనేయులుగారు జేబులోంచి టైపు కాగితం తీసి, నాలుగు ముక్కలు చేసి, పొయ్యిలో వెయ్యమ్మా అని మల్లక్క చేతికిచ్చె. ఆమెకు అదేందో తెలీదు. సరేనప్పా అని కొంగున చుట్టుకొనె.

ఏసన్న ముక్కు ఎగబీల్చుకొని కాగితం సర్దుకొన్నాడు. నాలుగు గడులనూ ఒకటొకటే చూసి నావైపు తిరిగె. పక్కపాలెం పిల్లోని కోసం మొక్కినోళ్ళకు మేము గడి గీయలేదు.

“యాడ రాయాలయ్యవారూ?”

నేను నోరు తెరిచేలోపలే మల్లక్క అందుకొనె. “ఏంది, ఎవరి కోసమని అడుగుతాందా ఆ కాయితం? బిడ్డ కోసమని రాసుకో నాయనా.”

ఏసన్న బిడ్డ గడిలో గుర్తు పెట్టినాడు.